పెట్టెల బాకీ నోటీసు: 1,45,000 కాదు, 1,30,000 రాయండి

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న యూనిట్. స్వీటు పెట్టెలు ప్రింట్ చేసి సప్లై చేస్తాం. చిన్న సంస్థగా ఉద్యం రిజిస్ట్రేషన్ 2022 నుంచి ఉంది. తెనాలిలో ఒక స్వీటు షాపుకి దీపావళి ముందు, 2025 అక్టోబర్ 6న 15,000 పెట్టెలు దించాం. జీఎస్టీతో కలిపి బిల్లు 2,10,000. అడ్వాన్సు 50,000 ముందే ఇచ్చారు, నవంబర్ 12న ఫోన్‌పేలో 30,000 వేశారు. 30 రోజుల్లో మొత్తం క్లియర్ చేస్తామని వాట్సాప్ ఆర్డర్‌లోనే ఉంది. ఇది కాక, అంతకుముందు చేబదులుగా 15,000 నగదు ఇచ్చాను, దానికి కాగితం లేదు. మొత్తం 1,45,000 రావాలి. సంక్రాంతి తర్వాత గట్టిగా అడిగితే ‘రంగు అంటుకుంది, సగం పెట్టెలు పారేశాం’ అంటున్నారు. మాతో మాట్లాడేది తమ్ముడు, షాపు ఎవరి పేరు మీద ఉందో తెలీదు. లాయరు నోటీసు ఇద్దామనుకుంటున్నాను. చీటింగ్ కేసు పెడతామని రాయిస్తే భయపడి కడతారని మావాళ్లు అంటున్నారు. ఏం రాయించాలి, ఎన్ని రోజులు గడువివ్వాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు అంకె సంగతి తేల్చుకుందాం. నోటీసులో 1,45,000 అని రాయించకండి. 1,30,000 రాయించండి.

2,10,000 బిల్లులో అడ్వాన్సు 50,000, నవంబర్‌లో వచ్చిన 30,000 తీసేస్తే మిగిలేది 1,30,000. దీనికి బిల్లు ఉంది, సరుకు దించిన రుజువు ఉంది, వచ్చిన డబ్బు బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. చేబదులు 15,000 నిజంగానే ఇచ్చి ఉండొచ్చు, కానీ అది వేరే బాకీ, పైగా కాగితం లేదు. రెండూ కలిపి ఒకే అంకెగా రాశారనుకోండి. అవతలి లాయరు జవాబు నోటీసులో మొదటి పేరాలోనే ‘ఈ 1,45,000 ఏ బిల్లుకి?’ అని అడుగుతాడు. కాగితం లేని 15,000 దగ్గర వాదన మొదలై, కాగితం ఉన్న 1,30,000 కూడా అనుమానంలో పడుతుంది. చేబదులు గురించి విడిగా, మామూలుగా ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: ‘ఆగస్టులో తీసుకున్న 15,000 ఎప్పుడిస్తారు?’ అని (నెల సరిగ్గా గుర్తున్నదే రాయండి). ‘ఇస్తాలెండి’ అని జవాబొస్తే దానికీ ఒక ఆధారం పుట్టినట్టే. నోటీసులోకి మాత్రం తేకండి.

నోటీసు అంటే అవతలివాళ్లని భయపెట్టే కాగితం అని చాలామంది అనుకుంటారు. అసలు దాన్ని శ్రద్ధగా చదివేది తర్వాత వచ్చే మూడో మనిషి. చిన్న సంస్థల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ సభ్యుడు కావచ్చు, లోక్ అదాలత్‌లో కూర్చున్నవారు కావచ్చు, జడ్జి కావచ్చు. మీ కథను వాళ్లు మొదటిసారి వినేది ఈ కాగితంలోనే. అందుకని ప్రతి వాక్యం వెనక ఒక కాగితం ఉండాలి. కాగితం లేని వాక్యం ఎంత నిజమైనా తీసేయండి.

ఇక నోటీసు ఎవరికి? షాపు బోర్డు మీద పేరుకి మాత్రమే నోటీసు పంపితే సరిపోదు, ఎందుకంటే డబ్బు కట్టాల్సింది బోర్డు వెనకున్న యజమాని. మీ బిల్లు మీద వాళ్ల జీఎస్టీ నంబరు ఉండే ఉంటుంది. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మన ఆంధ్రప్రదేశ్‌ది 37. తర్వాతి పదీ యజమాని పాన్ నంబరు. మొత్తం నంబరులో ఆరో అక్షరం చూడండి: P అయితే ఒక వ్యక్తి సొంత వ్యాపారం, F అయితే భాగస్వామ్య సంస్థ, C అయితే కంపెనీ. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే Search Taxpayer దగ్గర నంబరు కొడితే Legal Name of Business అని అసలు పేరు, పక్కనే Trade Name అని బోర్డు పేరు వస్తాయి. మన ఊళ్లలో షాపు నడిపేది తమ్ముడు, రిజిస్ట్రేషన్ అన్నగారి పేరునో వాళ్లావిడ పేరునో ఉండటం మామూలే. ఎవరి పేరు అక్కడ ఉందో వాళ్లకే, ‘ప్రొప్రయిటర్, ఫలానా స్వీట్స్’ అని నోటీసు వెళ్లాలి. తమ్ముడి సంగతి లోపల రాయాలి: ‘మీ తరఫున షాపు వ్యవహారాలు చూసే ఫలానా వ్యక్తి ఫలానా నంబరు నుంచి ఆర్డర్ ఇచ్చారు, సరుకు మీ షాపులో దిగింది, మీ ఖాతా నుంచే డబ్బు వచ్చింది’ అని. ఆ 30,000 ఏ ఖాతా నుంచి వచ్చిందో మీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూడండి. షాపు ఖాతా నుంచి వచ్చి ఉంటే, తమ్ముడికీ షాపుకీ సంబంధం లేదనే వాదన అక్కడే ఆగిపోతుంది.

నోటీసు తెలుగులో ఉండొచ్చా అని కొందరు అడుగుతుంటారు. నిక్షేపంగా ఉండొచ్చు. మామూలు బాకీకి నోటీసు లాయరే ఇవ్వాలన్న నిబంధన కూడా లేదు. మీ లెటర్‌హెడ్ మీద మీరే ఇచ్చుకోవచ్చు. అసలు ప్రైవేటు వ్యక్తి మీద బాకీ దావా వేయడానికి ముందు నోటీసు ఇచ్చి తీరాలని కూడా చట్టం చెప్పదు. ప్రభుత్వం మీద వేసేటప్పుడే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద అది తప్పనిసరి. అయినా నోటీసు ఇవ్వమంటాను, రెండు లాభాల కోసం: ఒకటి వడ్డీ, రెండోది వాళ్లిచ్చే జవాబు. రెండిటి గురించీ కింద చెబుతాను. లాయరు ద్వారా ఇస్తే బరువు ఎక్కువ కాబట్టి ఆయన చేతే ఇప్పించండి, కానీ వాస్తవాల పేరాలు మీరు రాసి తీసుకెళ్లండి. తేదీలు మీకు తెలిసినట్టు ఆయనకి తెలియవు.

మీ కేసులో అసలు భాగం ఇంచుమించు ఇలా ఉండాలి:

‘2025 సెప్టెంబర్ (తేదీ)న మీ తరఫున వాట్సాప్ ద్వారా 10,000 అరకిలో పెట్టెలు, 5,000 కిలో పెట్టెలకు ఆర్డర్ ఇచ్చారు. ధర, 30 రోజుల చెల్లింపు గడువు ఆ మెసేజ్‌లోనే ఉన్నాయి. 2025 అక్టోబర్ 6న బిల్లు నంబరు (…), ఈ-వే బిల్లు నంబరు (…) తో సరుకు మీ షాపులో అందజేయగా, డెలివరీ చలానా మీద మీవారు సంతకం చేసి తీసుకున్నారు. బిల్లు మొత్తం 2,10,000 రూపాయలు. అందులో అడ్వాన్సుగా 50,000, 2025 నవంబర్ 12న 30,000 మాకు ముట్టాయి. మిగిలిన 1,30,000 రూపాయలు 2025 నవంబర్ 5 నాటికే చెల్లించవలసి ఉండగా ఇంతవరకు చెల్లించలేదు.’

ఇంతే. ‘నమ్మించి మోసం చేశారు’, ‘మా కుటుంబం రోడ్డున పడింది’ లాంటి మాటలు వద్దు. చలానా మీద సంతకం ఎవరిదో పోల్చుకోలేకపోతే ‘మీ షాపులో సిబ్బంది’ అని రాయండి, తెలియని పేరు ఊహించి రాయకండి. వాట్సాప్ చాట్‌ని మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, ఆ ఫోన్ ఇప్పట్లో మార్చకండి, అమ్మకండి. కేసు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో ఆ చాట్ దాఖలు చేయాలి. స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉంటే ఇబ్బంది పడతారు.

రంగు అంటుకుందన్న మాట గురించి మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. నిజానికి మీ చేతిలో మంచి పట్టు ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు దించిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. అక్టోబర్ 6కి 15 రోజులు కలిపితే అక్టోబర్ 21. దీపావళి 20న అయిపోయింది. పెట్టెలు స్వీట్లతో సహా అమ్ముడుపోయాయి, నవంబర్ 12న 30,000 కూడా వేశారు, అప్పుడు రంగు ఊసే లేదు. వస్తువుల అమ్మకం చట్టం సెక్షన్ 42 కూడా ఇదే దారిలో చెబుతుంది: సరుకు తిప్పి పంపకుండా, వద్దని చెప్పకుండా తగిన సమయం దాటేవరకు ఉంచుకుంటే అంగీకరించినట్టే. అయితే నోటీసు ముందు ఒక పని చేయండి. అక్టోబర్ 6 నుంచి 21 వరకు చాట్ మొత్తం, వాయిస్ మెసేజ్‌లతో సహా మీరే కూర్చుని వినండి. ‘కొన్ని పెట్టెలు ప్రింట్ బాగా రాలేదండీ’ అని ఒక్క మెసేజ్ ఉన్నా నోటీసులో ‘ఏ అభ్యంతరమూ చెప్పలేదు’ అని రాయకూడదు. అప్పుడు ఎన్ని పెట్టెలు, ఏం జవాబిచ్చారు అన్నది లెక్క తేల్చుకుని, న్యాయంగా తగ్గించాల్సింది ఉంటే తగ్గించాకే అంకె వేయాలి. అలాంటిదేమీ లేకపోతే ఒక్క వాక్యం చాలు: ‘సరుకు అందిన 15 రోజుల్లో గాని, పాక్షిక చెల్లింపు చేసిన రోజున గాని మీరు రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ తెలపలేదు.’

వడ్డీ సంగతి చాలా నోటీసుల్లో అడ్డదిడ్డంగా ఉంటుంది. ఊళ్లో అలవాటు కొద్దీ నూటికి రెండు రూపాయల వడ్డీ అని రాసేస్తారు. మీ ఒప్పందంలో వడ్డీ లేనప్పుడు ఆ అంకెకి ఆధారం లేదు. మీరు తయారీదారు, సరుకు ఇచ్చేనాటికే ఉద్యం ఉంది కాబట్టి ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 16 మీకు వర్తిస్తుంది. గడువు దాటిన మర్నాటి నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.5 శాతం అనుకుంటే మూడు రెట్లు 16.5. అంటే 1,30,000 మీద మొదటి నెలకి సుమారు 1,790 రూపాయలు. వాయిదాల మీద వాయిదాలు వేసేవాళ్లకి ఇది చిన్న భారం కాదు. మీకు 2025 నవంబర్ 6 నుంచి 12 వరకు 1,60,000 మీద, ఆ తర్వాత 1,30,000 మీద వడ్డీ నడుస్తుంది. నోటీసులో సెక్షను, మొదలయ్యే తేదీ రాసి, లెక్క మాత్రం విడి కాగితం మీద జతచేయమనండి. మధ్యలో బ్యాంక్ రేటు మారితే ఆ కాగితం సరిచేసుకుంటే సరిపోతుంది.

ఇది చదివే వ్యాపారులకి ఒక మాట. కొని అమ్మేవాళ్లకి ఉద్యం నంబరు ఉన్నా, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యత కోసమే తప్ప ఈ ఆలస్య చెల్లింపుల రక్షణ దానితో రాదు. అలాంటివాళ్లు 1978 నాటి వడ్డీ చట్టాన్ని ఆశ్రయించాలి. ఎప్పటిలోగా చెల్లించాలో రాతలో లేని బాకీకి, వడ్డీ అడుగుతూ రాసిన నోటీసు తేదీ నుంచే కోర్టు వడ్డీ ఇవ్వగలదు. నోటీసులో వడ్డీ అడగడం మర్చిపోతే ఆ మేరకు నష్టపోయినట్టే.

గడువు విషయానికొస్తే, మామూలు బాకీ నోటీసుకి ఇన్ని రోజులని చట్టం చెప్పలేదు. 15 రోజులు అందరూ ఇచ్చేది, సబబైనది. మూడు రోజులు, వారం అని రాస్తే తర్వాత చదివేవారికి మీరే తొందరపడినట్టు కనిపిస్తుంది. ‘నోటీసు అందిన 15 రోజుల్లోగా’ అని రాయడం అలవాటు, కానీ ఎప్పుడు అందిందన్న దగ్గర మళ్లీ పేచీ వస్తుంది. నేనైతే కచ్చితమైన తేదీ వేయిస్తాను. 2026 ఫిబ్రవరి 16న పోస్టు చేస్తే ‘2026 మార్చి 10 సాయంత్రంలోగా’ అని. పోస్టుకి నాలుగైదు రోజులు పోయినా వాళ్లకి పదిహేను రోజులకి తగ్గవు. అదే పేరాలో మీ బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాయండి. ‘ఎక్కడ కట్టాలో తెలీలేదు’ అనే సాకు కూడా మిగలకూడదు. తేదీ దాటితే ఏం చేస్తారో ఒక్కటే చెప్పండి, నిజంగా చేసేదే చెప్పండి: ‘మార్చి 10 లోగా చెల్లించని పక్షంలో సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయిస్తాం.’

చీటింగ్ కేసు బెదిరింపు అస్సలు వద్దు. కడతానని కట్టకపోవడం, ఒప్పందం తప్పడం అంతటితోనే మోసం నేరం కాదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. ఆర్డర్ ఇచ్చిననాడే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని మీరు చూపించాలి. 50,000 ముందు ఇచ్చి, సరుకు దిగాక ఇంకో 30,000 వేసినవాళ్ల మీద అది ఎలా చూపిస్తారు? స్టేషన్‌కి వెళ్లినా సివిల్ తగాదా, కోర్టుకెళ్లండంటారు. పైగా ఆ బెదిరింపు కాగితం మీద ఉంటే, కౌన్సిల్ ముందు అవతలివాళ్లు మొదట చూపించేది అదే.

దానికన్నా పనిచేసే వాక్యం ఇంకొకటి ఉంది. ఆ షాపు మీ బిల్లు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు చెల్లించాలి. లేకపోతే చెల్లించని మేరకు ఆ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మీ బిల్లుకి ఆ 180 రోజులు 2026 ఏప్రిల్ 4తో పూర్తవుతాయి. ఈ సంగతి బెదిరింపులా కాకుండా సమాచారంగా ఒక వాక్యంలో రాస్తే, నోటీసు వాళ్ల ఆడిటర్ చేతిలో పడ్డప్పుడు ఆయనే కట్టేయమని చెప్పే అవకాశం ఉంది. కానీ ముందు పోర్టల్‌లో Taxpayer Type చూడండి. ఆ షాపు కాంపోజిషన్ పథకంలో ఉండొచ్చు. Composition అని ఉంటే వాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్టే లేదు, ఈ వాక్యం తీసేయండి.

పంపడం స్పీడ్ పోస్టులో, అడ్రసీకే అందేలా రిజిస్ట్రేషన్ అడిగి పంపండి. రశీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ ఫైల్లో పెట్టండి. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న చిరునామాకే ఒక కాపీ వెళ్లాలి. షాపు చిరునామా వేరైతే అక్కడికి ఇంకొకటి. వాట్సాప్‌లో పీడీఎఫ్ కూడా పంపండి, అది అదనపు రుజువు. కవరు ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని తిరిగొస్తే కంగారు పడకండి, చింపి చూడకండి. సరైన చిరునామాకి పంపిన కవరుని నిరాకరిస్తే అందినట్టే లెక్కిస్తారు. సీలు తీయని ఆ కవరే మీకు రుజువు. అదే ‘ఈ చిరునామాలో లేరు’ అని వస్తే సంగతి వేరు, సరైన చిరునామా కనుక్కుని మళ్లీ పంపాలి.

జవాబు వస్తే జాగ్రత్తగా చదవండి. ‘1,30,000 కాదు, పాడైన పెట్టెలకి 40,000 పోను 90,000 మాత్రమే ఇవ్వాలి’ అని వాళ్ల లాయరు రాశాడనుకోండి. చాలామంది అది చూసి మండిపడతారు. నన్నడిగితే అది మంచి జవాబు. 90,000 బాకీ ఉందని రాతలో, సంతకంతో ఒప్పుకున్నట్టే కదా. ఇక గొడవ మిగిలిన 40,000 గురించే. కాలపరిమితికి కూడా అది పనికొస్తుంది. మీ బాకీకి దావా వేసే గడువు చెల్లింపు తేదీ దాటిన దగ్గర్నుంచి మూడేళ్లు, అంటే 2028 నవంబర్ తొలివారం వరకు. మీరు ఎన్ని నోటీసులిచ్చినా ఆ మూడేళ్లు ఒక్కరోజు కూడా పెరగవు. గడువు లోపల అవతలివాళ్లు సంతకంతో బాకీ ఒప్పుకుంటే మాత్రం, ఒప్పుకున్న మేరకు ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి.

మార్చి 10 దాటితే, ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్ ద్వారా ఉద్యం నంబరుతో కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టండి. కొన్నవాళ్లు ఎక్కడివాళ్లైనా, మీరున్న ప్రాంతం కౌన్సిలే విచారించగలదు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఇంకా పడుతుంది. అవార్డు, అంటే అక్కడి తీర్పు, మీకు అనుకూలంగా వచ్చి వాళ్లు దాన్ని సవాలు చేయాలంటే అందులోని మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. ఈ ఒక్క నిబంధన వల్లే చాలామంది అక్కడిదాకా పోకుండా రాజీకొస్తారు. అంత నడక వద్దనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు ఇవ్వచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కాకపోతే అవతలివాళ్లు వచ్చి కూర్చుంటేనే పని జరుగుతుంది.

గడువు తేదీకి ముందురోజు తమ్ముడు వచ్చి 50,000 చేతిలో పెట్టి ‘మిగతాది ఉగాదికి’ అనడం ఇలాంటి వ్యవహారాల్లో మామూలే. తీసుకోండి. రశీదు మీద ‘బిల్లు నంబరు (…) కింద పాక్షిక చెల్లింపు, ఇంకా రావలసిన అసలు 80,000, వడ్డీ అదనం’ అని రాసి, మిగతాది ఏ తేదీకి ఇస్తారో వాళ్ల చేతి రాతతో, సంతకంతో రాయించుకోండి. మిగతాదానికి రాబోయే తేదీ వేసిన చెక్కు ఇస్తే అదీ తీసుకోండి. ఆ తేదీ నుంచి మూడు నెలలు దాటకుండా బ్యాంకులో వేయాలి. ఒకవేళ చెక్కు తిరిగొస్తే ఈ పాత నోటీసు దానికి పనికిరాదు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద విడిగా నోటీసు ఇవ్వాలి, డబ్బు కట్టడానికి అది అందిన దగ్గర్నుంచి వాళ్లకి 15 రోజులుంటాయి. ఆ నోటీసులో అడగాల్సింది కచ్చితంగా చెక్కు మీదున్న మొత్తమే. వడ్డీ, ఖర్చులు, చేబదులు 15,000 అందులో కలిపి ఒకే అంకె చేస్తే నోటీసు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.